కావాలి అనకూడని కొట్టు

మా వీధిలో మదామ్ బొన్నార్దో చీజ్ కొట్టు ఉంది. అందులోకి వెళ్ళి చీజ్ కొనుక్కురావడమంటే మాటలు కాదు. జేబులో డబ్బులుంటే చాలదు, కడుపులో ఆకలుంటే చాలదు, మర్యాద ఉండాలి. అది కూడా మీకు తెలిసిన మర్యాద పనికిరాదు, ఆవిడ ఒప్పుకునే మర్యాదే ఉండాలి.

తలుపు తీయగానే ‘బోంజూర్ మదామ్’ అనాలి, అంటే నమస్కారం పెట్టాలి. అనకపోతే మీరు ఆవిడ కంటికి కనబడరు. మీ వెనకవాళ్ళకు ఇచ్చేస్తుంది, మీ ముందువాళ్ళతో కబుర్లాడుతుంది, మీరు మాత్రం గోడకు కొట్టిన మేకులా నిలబడి ఉంటారు. ఆ గండం దాటాక అసలు గండం. ఏమిమ్మంటారని ఆవిడ అడిగినప్పుడు ‘జ వూద్రే’ అనాలి. అంటే, ‘ఇప్పిస్తే బాగుండునండీ’ అని మనవి చేసుకోవడం. పొరపాటున ‘జ వో’ అన్నారో, అంటే ‘నాకు కావాలి’ అని హుకుం జారీ చేశారో, మీ పని అయిపోయినట్టే!

మొన్నామధ్య కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు, పాపం చదువుకున్నవాడు, తొందరలో ఉన్నట్టున్నాడు, లోపలికి వస్తూనే “నాకు ఎపోయిస్ చీజ్ ఒకటి కావాలి” అన్నాడు.

“కావాలా?” అంది మదామ్ బొన్నార్దో, కత్తి బల్ల మీద పెట్టి. “సంతోషం. నాకూ చాలా కావాలి. మోకాళ్ళు కొత్తవి కావాలి. మా ఆయన మళ్ళీ బతికి రావాలి. సరే, మీ తర్వాత ఎవరండీ?”

ఆ పెద్దమనిషి ముఖం కందగడ్డ అయింది. బయటికి పోయి, మళ్ళీ లోపలికి వచ్చి, బోంజూర్ చెప్పి, ‘ఇప్పిస్తే బాగుండును’ అని, చివర దయచేసి అని తగిలించి పట్టుకెళ్ళాడు. ఒకరి పళ్ళు పీకే మనిషికి ఇంకొకరు తన పళ్ళు పీకితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసొచ్చింది.

మళ్ళీ ఇందులోనే ఇంకో మెలిక. కొత్త చీజ్ వస్తే మదామ్ చిన్న ముక్క కోసి, రుచి చూస్తారా అని చేయి చాస్తుంది. అప్పుడు మాత్రం ‘జ వో బియాఁ’ అనొచ్చు. ఆ ‘బియాఁ’ అనే తోక తగిలిస్తే చాలు, అదే హుకుం కాస్తా ‘అయ్యో, మీరంతగా అంటే కాదంటానా’ అయిపోతుంది. అడగడానికి పనికిరాని మాట, పెడితే తినడానికి పనికొస్తుందన్నమాట. ఫ్రెంచి బడిలో ‘జ వో’ అనకూడదని బట్టీ పట్టి వచ్చిన పరదేశీ పిల్లలు ఇది విని నోరు తెరుస్తారు. మేం ఈ దిజోన్ ఊరివాళ్ళం కాబట్టి తెరవం.

నా పేరు రెజిస్. ఆ కొట్టుకు ఎదురుగా నాదొక చిన్న రెస్టారెంటు. నేనూ ఇదే వ్యాపారంలో ముసలివాణ్ణయ్యాను గాని నాకు అంత పట్టింపు లేదు. మా దగ్గరికి రోజూ వచ్చేవాళ్ళు ‘నేను కుందేలు తీసుకుంటాను’ అంటారు, లేదా ‘ఒక కాఫీ, దయచేసి’ అని ఊరుకుంటారు. ‘జ వూద్రే’ అని పూర్తిగా పలికేది కొత్తవాళ్ళు, అత్తగారితో వచ్చిన అల్లుళ్ళు. ‘జ వో’ అని ఎవడైనా అన్నా నేను కుందేలే పెడతాను. కాకపోతే కాస్త ఆలస్యంగా పెడతాను.

ఇక సెవెరిన్ సంగతి. మదామ్ బొన్నార్దో దగ్గర పనిచేసే మనిషి. నలభై దాటింది. మొగుడు వదిలేసి వెళ్ళిన ఏడాదే ఆ కొట్లో చేరింది, ఆ కొట్టు పైనున్న రెండు గదుల్లోనే కాపురం. ఉదయం షట్టర్ ఎత్తేది ఆమె, కింది గదిలో చీజ్ బిళ్ళలు తిప్పి తుడిచేది ఆమె, మదామ్ మోకాళ్ళు పట్టేసిన రోజున కొట్టంతా నడిపేది ఆమె. మదామ్‌కు పిల్లలు లేరు. ఇవాళో రేపో కొట్టు అమ్మి చెల్లెలి దగ్గరికి పోతానని వీధంతా వినేలా చెబుతూనే ఉంటుంది. ఆ కొట్టు తనకు రావాలని సెవెరిన్‌కు ప్రాణం. బ్యాంకు వాళ్ళు కూడా అప్పు ఇస్తామని ఒప్పుకున్నారు. ఇంకేం, అడగడమే తరువాయి.

అడిగింది కూడా. ఎలా అడిగిందో నా చెవులతో విన్నాను, అందుకే ఈ మంట.

“మదామ్, మీకేమీ అభ్యంతరం లేకపోతే, ఎప్పుడైనా మీకు తీరిక చిక్కినప్పుడు, కొట్టు విషయం ఒక్కసారి మాట్లాడుకోగలిగితే బాగుండునేమో అని... నా ఉద్దేశం, వీలైతేనే...”

“అలాగే సెవెరిన్, చూద్దాం లెండి. ఆ మోర్బియే బిళ్ళలు తిప్పారా?”

“తిప్పాను మదామ్.”

అయిపోయింది! ఏడాదికి రెండు మూడుసార్లు ఇదే భాగోతం. ఆమె అంత మెత్తగా మనవి చేసుకోవడం, ఈవిడ అంతకంటే మెత్తగా పక్కకు తప్పించడం. మా ఊళ్ళో ‘చూద్దాం’ అంటే ఏమిటో పుట్టిన పిల్లకు కూడా తెలుసు. కాని సెవెరిన్ మాత్రం సాయంత్రం నా రెస్టారెంటులో కూర్చుని, “ఈసారి కాస్త నవ్వుతూ అంది రెజిస్,” అని నాకు చెప్పి మురిసిపోయేది.

“నీ ముఖం! నవ్వుతూ కాదంది,” అనేవాణ్ణి.

“కాదు అనలేదుగా.”

“అనాల్సిన అవసరం ఎక్కడుంది? నువ్వు అవతలివాళ్ళకు కాదనే పనే లేకుండా అడుగుతావాయె.”

ఈలోగా పారిస్ నుంచి ఒక మహానుభావుడు దిగాడు. ఆమొరీ లెస్కెన్ అని పేరు. పెద్ద పెద్ద ఊళ్ళలో చీజ్ కొట్లు కొని, అన్నిటికీ ఒకే రకం రంగు వేయించి, ఒకే రకం తెల్ల దీపాలు పెట్టించే కంపెనీ ఒకటుంది, దాని తరఫు మనిషి. సన్నటి కోటు, మెత్తటి చేతులు, అంతకంటే మెత్తటి నోరు. అబ్బో, ఆ నోరు! మొదటిసారి కొట్లోకి వచ్చి ఏమన్నాడో తెలుసా? ‘జ వూద్రే’ కూడా అనలేదు. అది మనలాంటి మామూలు మనుషులకట. “మదామ్, ఈ దుకాణపు భవిష్యత్తు గురించి తమతో ముచ్చటించే భాగ్యాన్ని కోరుకొందును,” అన్నాడు. మదామ్ బొన్నార్దో వెన్నలా కరిగిపోయింది. పళ్ళ డాక్టరును బయటికి పంపిన మనిషి, ఈయనకు కుర్చీ వేసింది. ఆ కొట్లో కుర్చీ ఉందని మాకు అప్పుడే తెలిసింది.

తర్వాత వారం ఆయన మదామ్‌ను నా రెస్టారెంటుకు భోజనానికి తీసుకొచ్చాడు. ఆవిడ ముత్యాల దండ వేసుకుంది. ఆయన నన్ను పిలిచి, ఎద్దు మాంసం పులుసు ‘రుచి చూసే అవకాశం కలిగితే ఎంతో ఆనందింతును’ అన్నాడు. నలభై ఏళ్ళుగా పులుసు పోస్తున్నాను, నా పులుసుకు ఇంత పెళ్ళిచూపులు ఎవరూ చేయలేదు. మదామ్ నా వంక చూసి, “చూశారా రెజిస్, అడగడమంటే ఇదీ,” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాట వినడానికి బాగానే ఉంది, అదే నా కోపం.

మధ్యలో మదామ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఇదే అదననుకుని రొట్టె బుట్ట పెట్టే వంకతో దగ్గరికి చేరాను.

“కొట్టు కొంటున్నారట. మరి సెవెరిన్ మాటేమిటండీ?” అన్నాను.

“ఆవిడా?” అని పెదవులు తుడుచుకున్నాడు. “ఎంత మంచి మనిషి! ఆవిణ్ణి ఉంచుకోగలిగి ఉంటే ఎంత సంతోషించి ఉండేవాణ్ణో!”

ఈ ‘ఉండేవాణ్ణి’ నాకు తెలియనిదా? నా రెస్టారెంటులో బల్లలన్నీ నిండిపోయినప్పుడు, గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు రోజూ నేను చెప్పేది అదేగా! ‘మిమ్మల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టగలిగి ఉంటే ఎంత సంతోషించేవాణ్ణో’ అంటే, ‘దయచేయండి, పక్క వీధిలో తినండి’ అని. అంత అందంగా వెళ్ళగొట్టే మాట మా భాషలో ఇంకోటి లేదు. ఇంకా కొట్టు చేతికి రాకుండానే సెవెరిన్‌ను ఆ మాటతో ఈడ్చి బయట పడేశాడు పెద్దమనిషి. పైనున్న గదులు కూడా పోతాయి, వేరే చెప్పాలా!

సాయంత్రం కొట్టు కట్టాక సెవెరిన్‌ను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది.

“సోమవారం నోటరీ దగ్గర కొట్టు అమ్మకం రాసుకుంటారట,” అంది. “శనివారం ఆయన వస్తాడట, మాట ఖాయం చేసుకోవడానికి.”

“అయితే నీకు శనివారం దాకా టైముంది.”

“మదామ్‌తో మాట్లాడదామని ఉంది. ఆవిడకు ఇబ్బంది లేకపోతే...”

“ఆపవే తల్లీ!” అని అరిచాను. పక్క బల్ల దగ్గరవాళ్ళు తిరిగి చూశారు. “ఆవిడకు ఇబ్బంది కలగాలి. అదే కావాల్సింది. వెళ్ళి ‘నాకు ఈ కొట్టు కావాలి’ అను. అంతే. నాలుగు మాటలు.”

“ఆ కొట్లోనా! ‘జ వో’ అనా!” సెవెరిన్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “రెజిస్, ఆ మాట అన్నవాళ్ళను బయటికి పంపడంలో ఆవిడకు ఇన్నాళ్ళూ నేనే తోడు. తలుపు తీసి పట్టుకునేదాన్ని.”

“ఇప్పుడు నీకు పట్టుకునేదెవరో చూద్దాం. నేను పట్టుకుంటాలే.”

“మా అమ్మ కూడా నన్నలా పెంచలేదు. ‘నాకు కావాలి’ అన్న రోజున రాత్రి నాకు తీపి ఉండేది కాదు. అలా అడగడం నాకు రాదు. నోరు తిరగదు.” కళ్ళు నీళ్ళతో నిండాయి. “మర్యాదగా అడిగితే మంచివాళ్ళు ఇస్తారనుకున్నాను. అంతే.”

మా ఊరి మొత్తానికి పట్టిన జబ్బే అది. మెత్తగా అడిగినవాళ్ళకు గట్టిగా అక్కర్లేదేమో అనుకుంటాం, కావాలన్నవాళ్ళను బయటికి పంపుతాం, మళ్ళీ ఎవరికేం కావాలో మాకు తెలియదని ఆశ్చర్యపోతాం.

శనివారం వచ్చింది. శనివారం అంటే సంత రోజు, కొట్లో జనం తలుపు దాటి వీధిలోకి ఉన్నారు. నేనూ రెస్టారెంటుకు కోంతే చీజ్ కొనడానికి వరసలో నిలబడ్డాను. కొనడం సంగతి దేవుడెరుగు, చూడటానికి వెళ్ళాను. నాకు ముందు మదామ్ విలెర్మో, అంటే నోరు ఊరుకోని మా వీధి పెద్దావిడ, సంచీ పట్టుకుని ఉంది. ఆమొరీ లెస్కెన్ గారు లోపల ఆ ప్రసిద్ధమైన కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరికీ చిన్నగా తల ఊపుతున్నాడు, అప్పుడే కొట్టు తనదైనట్టు.

బల్ల వెనక మదామ్ బొన్నార్దో, సెవెరిన్ ఇద్దరూ కోస్తున్నారు. ఉన్నట్టుండి సెవెరిన్ కత్తి కింద పెట్టింది. ఆప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. బల్ల పక్కనుంచి ఇవతలికి వచ్చి, మా అందరినీ దాటుకుంటూ పోయి, వీధిలో వరస చివర నిలబడింది.

“సెవెరిన్, ఎక్కడికి?” అని కేకేసింది మదామ్.

“వరసలోకి మదామ్,” అంది ఆమె అక్కణ్నుంచే.

మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. కాని వరస వరసే. ఒక్కొక్కరం ఒక అడుగు జరిగాం. మదామ్ ఒక్కతే కోస్తోంది, మోకాలు నొప్పికి మూలుగుతోంది, మధ్యమధ్య తల ఎత్తి వరస చివరికి చూస్తోంది. కావాలంటే సెవెరిన్‌ను ముందుకు పంపేవాళ్ళం. ఆమె ఒప్పుకోలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడింది. వెళ్ళిపోవాల్సినవాళ్ళు కూడా పొట్లాలు పట్టుకుని గోడవారగా ఆగిపోయారు, మదామ్ విలెర్మో అయితే తలుపుకు అడ్డంగా నిలబడింది, ఎవరూ బయటికి పోయి ఈ సరదా పాడుచేయకుండా.

సెవెరిన్ వంతు వచ్చింది.

“బోంజూర్ మదామ్,” అంది.

“బోంజూర్,” అంది మదామ్ బొన్నార్దో, అలవాటు కొద్దీ. “ఏమిటిది సెవెరిన్? ఏమైంది మీకు?”

“కొనడానికి వచ్చాను.”

“ఏమిమ్మంటారు?”

“నాకు ఈ కొట్టు కావాలి.”

జ వో. చక్కగా, స్పష్టంగా, తోక లేకుండా.

మదామ్ ముఖం ఎర్రబడింది. “ఏమన్నారు? నాకు సరిగ్గా వినబడలేదు.”

ఇది ఆవిడ ఇచ్చే ఆఖరి అవకాశం, మా అందరికీ తెలుసు. ఇక్కడ ఎంతటివాడైనా తోక ముడిచి ‘ఇప్పిస్తే బాగుండును’ అంటాడు. ఇంక అయిపోయింది, సెవెరిన్ కూడా మనవిలోకి దిగిపోతుంది అనుకున్నాను.

“వినబడింది మదామ్. నాకు ఈ కొట్టు కావాలి.”

“నా కొట్లో ఇలా అడగరని మీకు తెలియదా? మీకా! సరిగ్గా అడగండి.”

“ఇన్నేళ్ళూ సరిగ్గానే అడిగాను. నేను సరిగ్గా అడిగినప్పుడల్లా మీరూ సరిగ్గానే కాదన్నారు.”

“నేనెప్పుడు కాదన్నాను? ఒక్కసారైనా అన్నానా?”

“చూద్దాం అన్నారు.”

“అది కాదనడమే లేవమ్మా,” అంది మదామ్ విలెర్మో తలుపు దగ్గర్నుంచి. ఆవిణ్ణెవరూ అడగలేదు.

మదామ్ బొన్నార్దో బల్ల అంచు పట్టుకుంది. “సెవెరిన్, మీరు ఏనాడైనా మీకు కావాలని అన్నారా? ‘వీలైతే’ అన్నారు, ‘ఎప్పుడైనా’ అన్నారు. మర్యాదకు అంటున్నారనుకున్నాను. నాకు నొప్పి కలగకుండా నా తర్వాత ఎవరైనా ఉన్నారని చెప్పడానికి అంటున్నారనుకున్నాను. నిజంగా కావాలని నాకెలా తెలుస్తుంది?”

ఒట్టు, ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. అదే నాకు మరీ మంట. జీవితమంతా మనుషుల చేత మెత్తగా అడిగించుకున్న మనిషికి, ఆ మెత్తదనం కింద ఏముంటుందో నిజంగానే తెలియదు.

“ఇక్కడ వరసలో నిలబడ్డ అందరికీ చీజ్ కావాలి మదామ్,” అంది సెవెరిన్. “‘ఇప్పిస్తే బాగుండును’ అని అడిగారని ఎవరినైనా ఉత్త చేతులతో పంపించారా? వాళ్ళకు కోసి ఇచ్చారు. నన్నొక్కదాన్నే ‘చూద్దాం’ అన్నారు.”

మదామ్ కొక్కేనికి వేలాడుతున్న సెవెరిన్ ఆప్రాన్ వంక చూసింది.

సరిగ్గా అప్పుడు లేచాడు మన ఆమొరీ గారు, ఇలాంటి గొడవల్లో పెద్దమనుషులు లేచినట్టు, కోటు బొత్తాం పెట్టుకుంటూ. “మదామ్, ఈ భావోద్వేగాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే మన మధ్య కుదిరిన అవగాహన ప్రకారం, తమరికి సమ్మతమైతే, తమరికే విధంగానూ అసౌకర్యం కలగని పక్షంలో, నేను ఇప్పటికీ ఈ దుకాణాన్ని కోరుకొందును.”

మదామ్ బొన్నార్దో ఆయన వంక తిరిగింది. బరువు తూచినట్టు చూసింది. తర్వాత మా అందరికీ వినబడేలా, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అంది:

“కోరుకోండి మస్యూ. కోరుకోవడానికి నా సమ్మతి ఎందుకు? పారిస్ వెళ్ళాక కూడా కోరుకోవచ్చు.”

మదామ్ విలెర్మో తలుపు తీసి పట్టుకుంది. ఆయనకు నిజంగా అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అంత మెత్తగా తనను ఎవరూ వెళ్ళగొట్టలేదేమో, పాపం. అందరికీ మళ్ళీ చిన్నగా తల ఊపి వెళ్ళిపోయాడు.

సెవెరిన్ ఇంకా బల్లకు ఇవతలే నిలబడి ఉంది, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి. మదామ్ కళ్ళూ తడిగానే ఉన్నాయి, కాని ఆ మాట ఆవిడ ముఖం మీద అనే ధైర్యం నాకు లేదు.

“సోమవారం నోటరీ దగ్గరికి నాతో మీరు వస్తున్నారు,” అంది. “కాని ఒకటి వినండి సెవెరిన్. ‘నాకు కావాలి’ అన్నవాళ్ళకు ఈ కొట్లో నేను ఇంతవరకూ ఏదీ ఇవ్వలేదు. ఇక ముందు కూడా ఇవ్వను.” బల్ల మీదున్న కత్తి ఆమె వైపు జరిపింది. “ఇక ముందు ఇచ్చేది మీరు కదా.”